స్లోగన్ అర్థం దాటుతుంది, పంచ్ ఎందుకు దాటదు?

ప్రశ్న: నేను ఇంగ్లీష్–తెలుగు అనువాదాలు చేస్తుంటాను, ఎక్కువగా మాన్యువల్స్, వెబ్‌సైట్లు. ఈ మధ్య ఒక యాడ్ ఏజెన్సీ స్లోగన్లు పంపిస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే 'పంచ్ లేదు' అంటారు, కాస్త మారిస్తే 'ఒరిజినల్‌లో ఇది లేదు కదా' అంటారు. ఇప్పుడు ఒక గానుగ నూనె బ్రాండ్ కోసం 'గుడ్ థింగ్స్ టేక్ టైమ్' అన్న లైన్ తెలుగులో కావాలట. తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి కూడా అడుగుతున్నారు. అర్థం, శబ్దం, మనవాళ్ళకు నప్పడం, వీటిలో ముందు దేన్ని పట్టుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు:

ఆ మూడింటికంటే ముందు పట్టుకోవాల్సింది ఇంకొకటి ఉందండి. ఆ లైన్ ఎవరు, ఎవరితో, ఏ మాటకు జవాబుగా అంటున్నారు? ఇది తేల్చుకోకుండా పదాల వేటలో పడితే ఎన్ని వెర్షన్లు రాసినా 'పంచ్ లేదు' అనే వినాల్సి వస్తుంది. ఇంగ్లీష్ లైన్‌లో ఈ సంగతి పైకి కనపడదు. తెలుగులో మాత్రం దాచడానికి వీల్లేదు, ఎందుకంటే మన క్రియ చివర నువ్వు, మీరు, మనం అని ఏదో ఒకటి తగిలించాల్సిందే. పైగా తెలుగు వాక్యం బలం చాలాసార్లు చివరి అక్షరంలోనే ఉంటుంది. ఒక చిన్న 'ఏ' చేర్చితే మామూలు మాట వాదన అయిపోతుంది, 'లే' చేర్చితే ఓదార్పు అవుతుంది. ఇంగ్లీష్‌లో ఆ బలం పదాల వరుసలోనూ ఊనిక పడే చిన్న పదాల్లోనూ ఉంటుంది. కాబట్టి మనం చేసే పని అసలు ఏమిటంటే, బలాన్ని ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పెట్టడం.

అందరికీ తెలిసిన లైన్ తీసుకుందాం, సర్ఫ్ ఎక్సెల్ వాళ్ళ 'మరక మంచిదే'. యూనిలీవర్ వాళ్ళు ప్రపంచమంతా తమ బట్టల పౌడర్లకు వాడుకున్న మాట 'డర్ట్ ఈజ్ గుడ్'. హిందీలో అది 'దాగ్ అచ్ఛే హై' అయింది. మొదటి యాడ్‌లో చెల్లి బురదలో పడి ఏడుస్తుంటే అన్న ఆ బురద గుంటతో కొట్లాడతాడు, గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు 'డర్ట్' అన్నదాన్ని మీరు తెలుగులో పెట్టి చూడండి. 'మురికి మంచిది' అంటే ముక్కు మూసుకుంటాం. 'మట్టి మంచిది' అంటే వ్యవసాయ శాఖ వాళ్ళు భూసార పరీక్ష గురించి చెబుతున్నట్టు ఉంటుంది. 'దుమ్ము' అంటే ఇక దగ్గే. ఇంగ్లీష్ 'డర్ట్'లో పిల్లలు ఆడుకునే మట్టీ, ఒంటికి అంటిన మురికీ రెండూ ఉన్నాయి. మన దగ్గర అవి వేర్వేరు పదాలు, ఒకటి పూజించేది, ఇంకోటి కడిగేది. అందుకని మట్టిని వదిలేసి, అది బట్ట మీద మిగిల్చిన గుర్తును పట్టుకున్నారు. అర్థం కాస్త పక్కకు జరిగింది, నిజమే, కానీ సబ్బు కంపెనీకి మట్టి కంటే మరకే దగ్గర కాబట్టి నష్టం ఏమీ లేదు.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ చివరి 'ఏ'. 'మరక మంచిది' అని రాసి చూడండి, డాక్టర్ 'పొద్దున్నే నడక మంచిది' అన్నట్టు ఉంటుంది, సలహా. 'మంచిదే' అనగానే పక్కన ఇంకెవరో 'చెడ్డది' అన్నట్టు, దానికి మనం జవాబిస్తున్నట్టు అవుతుంది. మన ఇళ్ళల్లో ఆ 'చెడ్డది' అనేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని సామెతే ఉంది కదా, అసలు బురదలోకి పోవడమెందుకు, మళ్ళీ కడుక్కోవడమెందుకు అని. అంటే ఇంగ్లీష్‌వాడి ఐడియా మన దగ్గరికి వచ్చేసరికి ఒక సామెతకు ఎదురు నిలబడాలి. అంత బరువునూ ఆ ఒక్క 'ఏ' మోసింది. ఒరిజినల్‌లో ఆ 'ఏ'కు సరిపడే పదం లేదు, అయినా అది చేర్చుడు కాదు, అర్థమే. 'ఒరిజినల్‌లో ఇది లేదు కదా' అనేవాళ్ళకు మీరు చూపించాల్సిన ఉదాహరణ ఇదే.

శబ్దం కూడా అక్కడే చూడండి. హిందీలో బహువచనం, మనం కూడా 'మరకలు మంచివే' అనొచ్చు, వ్యాకరణంగా తప్పు లేదు. కానీ 'మరక' అని మూడు లఘువులు చకచకా వచ్చి, 'మంచిదే' అని చివర దీర్ఘం మీద ఆగడంలో ఒక దెబ్బ ఉంది. 'లు' పెడితే మధ్యలో నాలుక జారుతుంది. రెండు పదాలూ 'మ'తో మొదలవడం మన చెవికి పాత అలవాటు, పద్యంలో యతి అని చెప్పుకునేది ఇలాంటిదే. ఇంకో అలవాటు రెండో అక్షరం కలపడం, అదే ప్రాస. పైన చెప్పిన సామెతలోనే 'అడుసు', 'కడగ' చూడండి, రెండింటిలోనూ రెండో అక్షరం డకారం. ఇంగ్లీష్ నుంచి వచ్చేవాళ్ళు పొరపాటు పడేది ఎక్కడంటే, ఇంగ్లీష్‌లో చివర్లు కలపడం కష్టం కాబట్టి కలిస్తే బాగుంటుంది. తెలుగులో చాలా క్రియలు 'ండి'తోనో 'ంది'తోనో ముగుస్తాయి కాబట్టి చివర్లు వాటంతట అవే కలిసిపోతాయి, దానికి విలువ లేదు. 'కొనండి, వాడండి, ఆనందించండి' అన్నది ప్రాస కాదు, విసుగు. తెలుగులో శబ్దం కావాలంటే పదాల మొదట్లో వెతకండి.

ఇక ఎవరితో అంటున్నాం అన్న సంగతి. నైకీ వాళ్ళు 1988 నుంచి వాడుతున్న 'జస్ట్ డూ ఇట్' తీసుకోండి. 'కేవలం చేయండి' అనేది నిఘంటువు అనువాదం, దాన్ని వదిలేద్దాం. 'ఊరికే చెయ్' అంటే పనీపాటా లేక చెయ్యమన్నట్టు. ఉన్నవాటిలో దగ్గరిది 'చేసెయ్'. బాగుంది, కానీ అది అన్న తమ్ముడితో అనే మాట. ఒక కంపెనీ యాభై ఏళ్ళ మనిషితో 'చేసెయ్' అంటే ఎవడ్రా నువ్వు అనిపిస్తుంది. పోనీ 'చేసెయ్యండి' అంటే మర్యాద వచ్చింది, కానీ ఊపు పోయింది, ఫారం నింపమన్నట్టు ఉంది. ఇంగ్లీష్ 'యూ' రెండు పనులూ ఒకేసారి చేస్తుంది, మనకు ఆ సదుపాయం లేదు. అలాంటి లైన్లను, బ్రాండ్ అంత పెద్దదైతే, ఇంగ్లీష్‌లోనే వదిలేయడం మేలు.

బ్రాండ్ అంత పెద్దది కానప్పుడు తెలుగులో యాడ్ రాసేవాళ్ళు ఈ నువ్వు–మీరు గొడవ నుంచి తప్పించుకునే దారులు కొన్ని ఉన్నాయి. ఒకటి, 'దాం' వాడటం: 'మొదలెడదాం' అంటే చెప్పేవాడు కూడా మనలో ఒకడైపోతాడు. చాక్లెట్, స్వీట్లు, పండగ ఆఫర్లకు ఇది బాగా పనికొస్తుంది. హిందీలో 'కుఛ్ మీఠా హో జాయే' అన్నదాన్ని పదం పదం తెలుగు చేస్తే 'ఏదైనా తీపి అయిపోనీ' అని వింతగా వస్తుంది. మనకు 'నోరు తీపి చేసుకుందాం' అనే మాట ఇంట్లోనే ఉంది. రెండో దారి, అసలు క్రియే లేకుండా రాయడం. 'మరక మంచిదే'లో క్రియ లేదు, అందుకే అది పిల్లాడికీ అమ్మకీ నాయనమ్మకీ ఒకేలా వినిపిస్తుంది. మూడోది, మాటను కొనేవాళ్ళ నోట్లోనే పెట్టడం, 'మా ఇంట్లో ఇదే' అన్నట్టు. నేనైతే మొదట రెండో దారి ప్రయత్నిస్తాను. కుదరకపోతేనే మిగతావి.

ఇప్పుడు మీ నూనె దగ్గరికి వద్దాం. 'గుడ్ థింగ్స్ టేక్ టైమ్'. ఇది ఇంగ్లీష్‌లో ఎవరో ఒక పెద్దమనిషి భుజం తట్టి చెప్పినట్టుండే మాట. ఏ మాటకు జవాబు? 'ఇంత రేటేంటి, రిఫైన్డ్ ఆయిల్ ఇంతకంటే చవక కదా' అన్న ప్రశ్నకు. కొనేవాళ్ళు పైకి అడగకపోయినా మనసులో అడుగుతున్నది అదే. దీన్ని బ్రీఫ్‌లో ఎవరూ రాయరు, మీరే అడిగి తెలుసుకోవాలి.

ఉన్నది ఉన్నట్టు రాస్తే 'మంచివాటికి సమయం పడుతుంది'. తెలుగువాళ్ళకు 'టైమ్ పడుతుంది' అన్న మాట ఎక్కడ వినిపిస్తుందో తెలుసు కదా, కరెంటాఫీసులోనూ తాసీల్దారు ఆఫీసులోనూ. ఓదార్పు కాదది, సాకు. అంటే అర్థం సరిపోయింది, మాట్లాడే మనిషి మారిపోయాడు. సరే, మన సామెతల్లో వెతుకుదామంటే 'నిదానమే ప్రధానం' వెంటనే దొరుకుతుంది, క్లయింట్ కూడా ఎగిరి గంతేస్తాడు. కానీ అది ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర బోర్డుల మీద కనిపించే మాట. నూనె డబ్బా మీద చూడగానే స్పీడ్ బ్రేకర్ గుర్తొస్తుంది. జనంలో అరిగిపోయిన సామెత వాడితే ఇదే ఇబ్బంది, అది ముందే ఇంకెవరికో పనిచేస్తూ ఉంటుంది. పైగా మన దగ్గర ఆలస్యాన్ని మెచ్చుకునే సంప్రదాయం లేదు. 'ఆలస్యం అమృతం విషం' అన్నాం. తినే వస్తువు యాడ్‌లో ఆ ఛాయ అస్సలు రాకూడదు కాబట్టి 'ఆలస్యం' అన్న పదాన్ని మొదట్లోనే కొట్టేయండి.

అప్పుడేం మిగిలింది? నెమ్మదిని మెచ్చుకోవడం కాదు, తొందరను తప్పుపట్టడం. తెలుగులో 'తొందర' అన్న పదానికి మంచి పేరు లేదు, 'తొందరపడ్డావు' అంటే తప్పు చేశావనే. ఇంగ్లీష్‌లో సానుకూలంగా ఉన్నదాన్ని మనం వ్యతిరేకార్థంలో చెబితే మాట బలపడుతుంది. అలాగే 'థింగ్స్' అన్న పనికిరాని పదం తీసేసి అసలు వస్తువునే పెట్టొచ్చు, గానుగ. ఇంగ్లీష్ స్లోగన్ దేనికైనా సరిపోయేలా గాల్లో ఉంది, వాచీకి పెట్టినా చీజ్‌కి పెట్టినా నడుస్తుంది. తెలుగు లైన్‌ను నేల మీదకి దింపండి.

ఇక్కడ చాలామంది ఎద్దును తెస్తారు. 'మా ఎద్దుకు తొందర లేదు' అంటే ముద్దుగా ఉంటుంది, బొమ్మ కూడా బాగా వస్తుంది. రెండు చిక్కులు. ఒకటి, తెలుగులో 'గానుగెద్దు' అంటే అర్థం లేని చాకిరీ, 'గానుగెద్దు బతుకు అయిపోయింది' అని ఉద్యోగాల గురించి వాపోతాం కదా. రెండోది ఇంకా ముఖ్యం, ఇప్పుడు చెక్క గానుగల్లో ఎక్కువ భాగం మోటారుతో తిరుగుతున్నాయి. చెక్క రోలే, చెక్క రోకలే, తిప్పేది మాత్రం కరెంటు. మీ క్లయింట్‌ది అలాంటిదైతే ఎద్దు అబద్ధం అవుతుంది. ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే ఆస్కీ దగ్గరికి ఎవరైనా వెళ్ళినా, లేకపోతే ఎవరో ఒకరు మిల్లు వీడియో తీసి పెట్టినా, సమాధానం చెప్పుకోవాల్సింది బ్రాండే. ఒరిజినల్‌లో లేని వాగ్దానం తెలుగులోకి వచ్చిందా అని చివర్లో ఒకసారి విడిగా చూసుకోండి. 'ఒరిజినల్‌లో ఇది లేదు కదా' అన్న అభ్యంతరం నిజంగా వర్తించేది ఇక్కడే.

నేనైతే క్లయింట్‌కి రెండు లైన్లు పంపిస్తాను. 'తొందరపడని గానుగ' ఒకటి. 'మా గానుగకు తొందర తెలియదు' ఇంకొకటి. మొదటిది క్రియతో ముగియదు, పొట్టిగా ఉంది, డబ్బా మీద బ్రాండ్ పేరు కింద ఒక లైన్‌లో పడుతుంది. ఎవరితో అంటున్నామన్న సమస్యే లేదు. రెండోది మనిషి మాట్లాడే వాక్యం, 'తొందర', 'తెలియదు' అని తకారాలు కలిశాయి, రేడియోలో ఒక పెద్దాయన గొంతులో బాగుంటుంది. పైగా 'తెలియదు' అనడంలో గానుగకు ఒక అమాయకత్వం వచ్చింది, అది ఇంగ్లీష్‌లో లేదు, కానీ ఇంగ్లీష్‌లో ఉన్న భుజం తట్టే ధోరణికి బదులుగా ఇది పనిచేస్తోంది. రెండూ ఒకదాని పక్కన ఒకటి పైకి చదివి చూడండి, మీకే తేడా తెలుస్తుంది. ఏది డబ్బాకు, ఏది రేడియోకు అన్నది క్లయింట్‌కి వదలకుండా మీరే చెప్పండి. చెప్పకుండా వదిలితే రెండూ కలిపి ఒకటి చెయ్యమంటారు, అది ఎప్పుడూ జరిగేదే.

ఒక చిన్న సంగతి, సబ్‌లైన్‌లో నూనె పేరు వస్తుంది కదా, అక్కడ ప్రాంతం చూసుకోవాలి. తెలంగాణలో పల్లీ నూనె, కోస్తాలో వేరుశనగ నూనె, సీమలో శనక్కాయల నూనె. స్లోగన్‌లో ఈ పదం పెట్టకుండా సబ్‌లైన్‌లో ఉంచితే, స్లోగన్ మార్చకుండానే లేబుల్ మార్చుకోవచ్చు. 'కోల్డ్ ప్రెస్డ్' అన్నదాన్ని మాత్రం దయచేసి 'చల్లగా తీసిన' అని రాయకండి, తలనూనె అనుకుంటారు. గానుగ అన్న పదంలోనే అది వచ్చేసింది.

తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి వెళ్ళడం నా లెక్కలో ఇంకా కష్టం, దానికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్ గారి 'డబ్బులు ఎవరికీ ఊరికే రావు'. (కంపెనీ ఇంగ్లీష్ లైన్ గురించి కాదు నేను చెప్పేది, కసరత్తు కోసం తీసుకున్నాను.) ముందు అదే ప్రశ్న, ఎవరు ఎవరితో? నగల షాపు ఓనరే తెర మీదకి వచ్చి, కొనేవాళ్ళతో, తొందరపడి కొనొద్దు, మా రేటు ఇంకో షాపులో పోల్చి చూసుకుని కొనండి అంటున్నాడు. అమ్మేవాడు కొనేవాడి పక్షాన నిలబడ్డాడు, లైన్ బలం అంతా అదే. 'ఎవరికీ' అనడంలో నీకూ రావు, నాకూ రావు అని ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టాడు. ఇక 'ఊరికే' అన్న పదం ఒక్కటే మూడు పనులు చేస్తుంది: కష్టపడకుండా, ఉచితంగా, కారణం లేకుండా. శబ్దం చూస్తే 'ఎవరికీ', 'ఊరికే', 'రావు' మూడింట్లోనూ రేఫ ఉంది, మొదటి రెండూ చివర దీర్ఘంతో ఒకదానికొకటి బదులు పలుకుతాయి. అందుకే అది జనం నోట్లో పడింది.

దీనికి ఇంగ్లీష్‌లో చేతికి మొదట తగిలేది 'మనీ డజంట్ గ్రో ఆన్ ట్రీస్'. అర్థం దాదాపు అదే, జాతీయం కూడా. కానీ అది బొమ్మ కొనిపెట్టమని ఏడ్చే పిల్లాడితో తండ్రి అనే మాట, 'కొనను పో' అని దాని భావం. షాపువాడు కొనేవాడిని మందలిస్తున్నట్టు అవుతుంది, దిక్కు తిరగబడింది. 'మనీ డజంట్ కమ్ ఫ్రీ' అంటే షాపు బోర్డు మీద 'ఫ్రీ' అన్న పదం చూసి ఆఫర్ వెతుక్కుంటారు. 'హార్డ్ ఎర్న్డ్ మనీ' అన్నది భారతీయ ఇంగ్లీష్‌లో పేపర్లు చిట్టీ మోసాల వార్తల్లో ఎన్నోసార్లు వాడి వాడి, చదవగానే ఎవరో మోసపోయారనే ఊహ వస్తుంది, బంగారం షాపుకి అంతకంటే అపశకునం లేదు.

నేను ఆగేది 'నోబడీ హ్యాండెడ్ యూ దట్ మనీ' దగ్గర. ఆ డబ్బు నీకెవరూ చేతిలో పెట్టలేదు అని. ఇందులో ఊనిక నోబడీ, హ్యాండెడ్, దట్, మనీ మీద పడుతుంది, మధ్యలో 'యూ' తేలిపోతుంది, మొదటి రెండు పదాల్లో డకారాలు మన రేఫల పని చేస్తాయి. షాపువాడు కొనేవాడి కష్టాన్ని గుర్తించి మాట్లాడుతున్నాడు కాబట్టి దిక్కు సరిగానే ఉంది. పోయిందేమిటంటే 'ఎవరికీ'. తెలుగులో అందరి గురించీ అన్న మాట ఇంగ్లీష్‌లో 'నీ' గురించి అయింది. ఇది కావాలని ఒప్పుకున్న నష్టం, ఇంగ్లీష్ యాడ్ సూటిగా ఒక మనిషితో మాట్లాడితేనే నిలబడుతుంది, లోకనీతిలా చెబితే క్యాలెండర్ మీద రాసిన మాటలా ఉంటుంది. ఇంకో బలహీనత కూడా ఉంది, ఒంటరిగా చదివితే ఈ లైన్ కాస్త కసురుకున్నట్టు వినిపించవచ్చు. కాబట్టి 'చెక్ అవర్ ప్రైస్ ఎనీవేర్' లాంటి రెండో లైన్ లేకుండా దీన్ని వదలకూడదు. తెలుగు లైన్ ఒక్కటే నిలబడగలదు, ఇంగ్లీష్‌ది నిలబడలేదు. ఆ మాట క్లయింట్‌తో ముందే చెప్పేయాలి.

ఇదంతా తెలుగు రానివాళ్ళ కోసం, బెంగళూరులోనో ముంబైలోనో. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ళకైతే అసలు ఇంగ్లీష్ చేయనే వద్దు. వాళ్ళు ఆ లైన్‌ను మీమ్స్‌లో చూసి నవ్వుకున్నవాళ్ళు, ఆ గొంతు గుర్తున్నవాళ్ళు. వాళ్ళకు తెలుగు మాటే ఇవ్వండి, పిల్లలకు చదవడం రాదనుకుంటే ఇంగ్లీష్ లిపిలో రాయండి. ఇంగ్లీష్ చేయమన్న ప్రతిసారీ 'ఎవరికోసం' అని అడిగితే సగం పని తప్పుతుంది కూడా.

క్లయింట్‌కి పంపేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. నిర్ణయం తీసుకునేవాళ్ళకు చాలాసార్లు తెలుగు రాదు, మీరు తిరిగి ఇంగ్లీష్‌లో ఇచ్చే అర్థాన్ని బట్టే చూస్తారు. మంచి తెలుగు లైన్‌కు పదం పదం ఇంగ్లీష్ ఇస్తే చప్పగా ఉంటుంది. 'మరక మంచిదే' అన్నదాన్ని 'ద స్టెయిన్ ఈజ్ గుడ్ ఓన్లీ' అని ఎవరైనా రాసిచ్చి ఉంటే అది అక్కడే చచ్చిపోయేది. అలాగని మీరు అందంగా రాసిస్తే అది అబద్ధం. అందుకని ప్రతి లైన్ కింద రెండు విడివిడి వరుసలు పెట్టండి. ఒకటి పదానికి పదం, ఏమీ దాచకుండా. రెండోది విన్నవాళ్ళకు ఏమనిపిస్తుంది, దీన్ని మామూలుగా ఎవరు ఎవరితో అంటారు అని. ఏం వదిలేశారో, ఏం చేర్చారో అదే వరుసలో ఒక్క ముక్కలో చెప్పేయండి. ఇలా ఇస్తే 'ఒరిజినల్‌లో లేదు కదా' అన్న ప్రశ్న చాలావరకు రాదు, ఎందుకంటే వాళ్ళు అడగకముందే మీరు చెప్పేశారు. మూడు లైన్లకు మించి పంపొద్దు. ఎక్కువ పంపితే మీకే నమ్మకం లేదనుకుంటారు.

డబ్బు సంగతి: పదానికి ఇంత అని తీసుకోకండి. రెండు పదాల లైన్‌కి రెండు పదాల రేటు వస్తుంది, మాన్యువల్ అలవాటులో చాలామంది అలాగే కోట్ చేస్తారు. లైన్‌కి ఇంత, అందులో ఎన్ని సవరణలు కలిసి ఉంటాయి అని మాట్లాడుకోండి. ట్యూన్ ముందే కట్టేసి ఉంటే ఆ ట్యూన్ ఆడియో అడగండి, కాగితం మీద మాత్రలు లెక్కపెట్టుకుని రాసినది పాటలో దీర్ఘం తప్పు చోట పడి నవ్వులపాలవుతుంది.

చివరగా, ఆర్ట్‌వర్క్ ఫైనల్ పీడీఎఫ్ చూడకుండా బిల్లు క్లోజ్ చేయొద్దు. మీరు యూనికోడ్‌లో పంపినదాన్ని డిజైనర్లు ఇప్పటికీ అను ఫాంట్లలోకి మార్చుకుంటారు, అక్కడ ఒత్తులు ఎగిరిపోతుంటాయి, డిజైనర్‌కి తెలుగు రాకపోతే పట్టుకునేవాళ్ళు ఉండరు. లైన్ ఎక్కడ విరుగుతుందో కూడా చూడండి. 'తొందరపడని గానుగ'ను సన్న లేబుల్ మీద ఇరికించి 'తొందరపడ' ఒక వరుసలో, 'ని గానుగ' కింద వరుసలో పెడితే మొత్తం బ్రాండ్ కథే తిరగబడుతుంది. విరగాల్సిన చోటు 'తొందరపడని' తర్వాతే అని మెయిల్‌లో రాసి పంపండి, ఫోన్‌లో చెబితే గుర్తుండదు.